పొట్ట పెరుగుతోంది, మనిషి తగ్గుతున్నాడు

చేతులు సన్నబడ్డాయి, ముఖం పీక్కుపోయింది. పొట్ట మాత్రం ముందుకొచ్చి ప్యాంటు బొత్తం పట్టడం లేదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట కాసేపటి దాకా పూడటం లేదు. ఏళ్లుగా మద్యం తాగినవారిలో, హెపటైటిస్ బి, సి ఉన్నవారిలో ఇలా కనిపిస్తే ముందు కాలేయాన్ని అనుమానించాలి.

ఏళ్ల తరబడి దెబ్బతిన్న కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటారు. అప్పుడు పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయం గుండా సాఫీగా పోలేదు. కాలువకు అడ్డుపడితే గట్టు వెంట నీరు ఊరినట్టు, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి పొట్టలోకి ద్రవం ఊరుతుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ తయారీ కూడా తగ్గుతుంది. రక్తనాళాలు వదులవడంతో, ఒంట్లో రక్తం తగ్గిందని పొరబడి మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఆపేస్తాయి. ఆ నీరే కాళ్లలోకీ దిగుతుంది. పొట్టలోని నీరు జీర్ణాశయాన్ని నొక్కేయడంతో ఆకలి చచ్చిపోతుంది, తిండి తగ్గి కండ కరుగుతుంది.

అందుకే ముందు తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ, అప్పడాలలోది కలిపి రోజుకు సుమారు 5 గ్రాములు దాటకూడదు. గుండె, మూత్రపిండాల జబ్బుల్లో, క్షయలో కూడా పొట్టలో నీరు చేరవచ్చు కాబట్టి, సూదితో కొంచెం నీరు తీసి పరీక్షిస్తారు. జ్వరం, కడుపునొప్పి, మగత కనిపిస్తే ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.