అడ్డం తగిలితే కరెంటు చెబుతుంది

పట్టా మీద పక్కకు జరిగే మోటారు గేటుకు రాయో, స్కూటరో, మనిషో అడ్డం వస్తే మోటారు తక్షణం ఆగాలి. అడ్డం తగిలిందని తెలుసుకోవడానికి చవకైన దారి మోటారు తీసుకునే కరెంటును గమనించడం. కర్టెన్లు లాగే చిన్న మోటార్లలోనూ ఇదే పద్ధతి వాడతారు.

డీసీ మోటారు తిరుగుతున్నంతసేపూ జనరేటరులా కూడా పనిచేస్తుంది. తీగచుట్టలో పుట్టే వోల్టేజి, బయటి నుంచి ఇచ్చే వోల్టేజికి ఎదురు నిలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఎదురు వోల్టేజి పెరుగుతుంది. రెండింటి మధ్య మిగిలిన తేడా మాత్రమే చుట్టలో కరెంటును నడుపుతుంది: I = (V − E) / R. ఇక్కడ E ఎదురు వోల్టేజి, R చుట్ట నిరోధం.

ఉదాహరణకు 24 వోల్టుల మోటారు చుట్ట నిరోధం 1.2 ఓములు అనుకుందాం. గేటు హాయిగా జరుగుతున్నప్పుడు ఎదురు వోల్టేజి 20.4 ఉంటే కరెంటు 3 ఆంపియర్లు. గేటు పూర్తిగా బిగుసుకుపోతే ఎదురు వోల్టేజి సున్నా అవుతుంది, కరెంటు 20 ఆంపియర్లకు ఎగబాకుతుంది. వేడి అంతకంటే ఘోరంగా పెరుగుతుంది. మామూలుగా చుట్టలో 11 వాట్ల వేడి పుడితే, ఇప్పుడు 480 వాట్లు. అలా వదిలేస్తే ఎదుటివారికి దెబ్బ తగలడమే కాదు, మోటారు కూడా కాలిపోతుంది.

కరెంటును కొలవడానికి మోటారు దారిలో 0.01 ఓము నిరోధకాన్ని పెడతారు. దీన్నే షంట్ అంటారు. 3 ఆంపియర్లకు దాని కొసల మధ్య 30 మిల్లీవోల్టులు, 20 ఆంపియర్లకు 200 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. ఆ చిన్న వోల్టేజిని పెద్దది చేసి మైక్రోకంట్రోలరుకు అందిస్తే, అది సెకనుకు వందలసార్లు చదువుతుంది. బ్రష్‌ల రాపిడి వల్ల రీడింగు గజిబిజిగా ఊగుతుంది కాబట్టి ఒక్కో రీడింగును నమ్మరు, కొన్నింటి సగటు తీస్తారు.

చిక్కు మొదలయ్యేది ఇక్కడే. కదలని మోటారుకు కరెంటు ఇచ్చిన క్షణంలో అది కూడా బిగుసుకుపోయిన మోటారే. ఎదురు వోల్టేజి ఇంకా పుట్టలేదు. అందుకే ఆరంభంలో దాదాపు అర సెకను పాటు ఎక్కువ కరెంటును పట్టించుకోకుండా వదిలేస్తారు. ఆ గడువు దాటినా కరెంటు తగ్గకపోతే గేటు మొదట్లోనే ఇరుక్కుందని అర్థం. వోల్టేజిని మెల్లగా పెంచుతూ బయలుదేరదీస్తే ఆరంభపు పోటు చాలావరకు తగ్గుతుంది.

ఆ తర్వాత హద్దు నిర్ణయించాలి. మన గేటుకు 5.5 ఆంపియర్లు హద్దుగా పెట్టి, కరెంటు దాన్ని దాటి సెకనులో పదో వంతు నిలిస్తే మోటారును ఆపి కొద్దిగా వెనక్కి తిప్పాలని చెప్పవచ్చు. అయితే పట్టా అతుకు దగ్గర గేటు మామూలుగానే 4.5 ఆంపియర్లు తీసుకోవచ్చు. పట్టాలో మట్టి చేరితే, రోలర్లలో గ్రీజు ఎండితే అది 6 కావచ్చు. అప్పుడు అడ్డమేమీ లేకుండానే గేటు సగంలో ఆగుతుంది. బాగుచేయడానికి వచ్చిన వ్యక్తి పట్టా తుడవకుండా హద్దును 9కి పెంచి వెళ్తే ఫిర్యాదు తీరుతుంది, రక్షణ మాయమవుతుంది. ఈ పద్ధతికి జరిగే అన్యాయాల్లో ఇదే ఎక్కువ.

మెరుగైన కంట్రోలర్లు అంతటికీ ఒకే హద్దు పెట్టవు. తొలిసారి గేటును ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి, ఎక్కడెక్కడ ఎంత కరెంటు పట్టిందో గుర్తుంచుకుంటాయి. తర్వాత ఆ చోటి మామూలు విలువకు మించి, ఉదాహరణకు 1.5 ఆంపియర్లు పెరిగితేనే అడ్డంగా లెక్కిస్తాయి. అతుకు దగ్గర 4.5 మామూలే, మిగతా చోట 4.5 దాటితే అనుమానమే. కర్టెన్‌లో ఈ చోటి లెక్కకు మరో ప్రయోజనం ఉంది. చివరకు చేరాక పెరిగే కరెంటునే ఆగమనే సంకేతంగా తీసుకుంటే విడిగా లిమిట్ స్విచ్ అక్కర్లేదు. నడుమ పెరిగితే మాత్రం ఏదో చిక్కుకున్నట్టు.

కరెంటు చూసే పద్ధతికి అడ్డం తగిలాకే తెలుస్తుంది. 300 కిలోల గేటు మోటారు ఆపిన క్షణాన నిలిచిపోదు, దాని వేగం ఇంకా నెడుతూనే ఉంటుంది. పైగా గేర్లలో రాపిడి ఎక్కువగా ఉంటే, అంచు దగ్గరి తేలికపాటి ఒత్తిడి కరెంటులో కనిపించకపోవచ్చు. అందుకే దారికి అడ్డంగా కాంతి కిరణంతో పనిచేసే సెన్సార్ కూడా పెడతారు. హద్దు సరైనదో కాదో అంచు దగ్గర బలాన్ని కొలిచే పరికరంతోనే తేల్చాలి, కరెంటు అంకెతో కాదు.

ఇంకో లోపం దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. పళ్ల చక్రం పళ్ల పట్టీ నుంచి జారితే గేటు కదలదు, కానీ బరువు తగ్గిన మోటారు ఖాళీగా తిరుగుతూ తక్కువ కరెంటే తీసుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి కింది హద్దు కూడా ఉండాలి. మోటారు షాఫ్టు తిరగడాన్ని లెక్కించే సెన్సార్ ఈ సందర్భంలో సాయపడదు, షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. గేటు చివరికి చేరిందో లేదో గేటు మీదే బిగించిన స్విచ్చి చెప్పాలి.