మూతి చూసి మెషిన్ పోల్చుకోండి

యాంగిల్ గ్రైండర్‌ను పోల్చడం తేలిక. మోటారున్న పొడుగాటి ఒళ్లే దానికి పిడి. ముందు చివర లోహపు తల, దానికి డిస్కు. తలలోని గేర్లు మోటారు తిరుగుడును లంబకోణంలో మళ్లిస్తాయి. డిస్కును సగం కప్పే రేకు గార్డు కనిపించకపోతే అది వేరే మెషిన్ అనుకోకండి, ఎవరో గార్డు విప్పేసిన గ్రైండరే అయి ఉంటుంది. జిగ్‌సా ఇంకా తేలిక. అడుగున చదునైన పలక, అందులోంచి కిందికి దిగిన సన్నని రంపపు బ్లేడు.

అసలు చిక్కు గోడకు రంధ్రాలు వేసే రెండు మెషిన్ల దగ్గర వస్తుంది. ఇంపాక్ట్ డ్రిల్, చిన్నసైజు రోటరీ హ్యామర్ రెండూ పిస్తోలు ఆకారంలోనే ఉంటాయి. రెండింటికీ పక్కపిడి ఉంటుంది, రెండింటి ఒంటి మీదా సుత్తి గుర్తు ఉంటుంది. అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఒళ్లు వదిలేసి మూతి చూడండి. ఇంపాక్ట్ డ్రిల్‌కు మూడు దవడల చక్ ఉంటుంది. చాలావాటిలో దాన్ని తాళంతో బిగించాలి. బిట్టు తోక నున్నగా ఉంటుంది. రోటరీ హ్యామర్ మూతికి రబ్బరు టోపీ, వెనక్కి లాగితే జరిగే కాలరు ఉంటాయి. చిన్న మెషిన్లకు వాడే ఎస్‌డీఎస్ ప్లస్ బిట్టు తోక 10 మిల్లీమీటర్ల లావు, దాని మీద పొడుగు గాళ్లు. బిగించాక కూడా ఆ బిట్టు కాస్త ముందుకూ వెనక్కూ ఆడుతుంది. అది అరిగిపోయి కాదు, దెబ్బ తినడానికి ఉంచిన జాగా.

దెబ్బ పుట్టే తీరు వేరు కాబట్టే ఈ తేడా. ఇంపాక్ట్ డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ చక్‌నంతా కుదుపుతాయి. మనిషి ఎంత నొక్కితే దెబ్బ అంత. రోటరీ హ్యామర్ లోపల పిస్టను గాలిని అదిమితే, ఆ గాలి లోపలి సుత్తిని ముందుకు నెడుతుంది. దెబ్బ బిట్టు వెనక పడుతుంది, మనం బలంగా నొక్కక్కర్లేదు.

స్లాబుకు 10 మిల్లీమీటర్ల యాంకర్ రంధ్రం వేసేటప్పుడు ఇది తెలిసిపోతుంది. ఇటుక గోడను సులువుగా తొలిచిన ఇంపాక్ట్ డ్రిల్, కాంక్రీటు దగ్గరికొచ్చేసరికి చేతుల్ని అదరగొడుతుంది. బిట్టు కొస వేడెక్కుతుంది, రంధ్రం మాత్రం లోతవదు. రోటరీ హ్యామర్‌తో కొద్దిసేపట్లో అయిపోతుంది. అదీ ఉన్నట్టుండి ఆగిపోతే లోపల ఇనుప కడ్డీ తగిలి ఉండొచ్చు. నొక్కకుండా రంధ్రం చోటు మార్చుకోవాలి.

ఒక్కోసారి మూతి కూడా మోసం చేస్తుంది. రోటరీ హ్యామర్‌కు అడాప్టరుతో మామూలు చక్ తగిలించి ఇస్తుంటారు. కాలరు వెనక్కి లాగి చూడండి. చక్ మొత్తం ఊడి వస్తే అది రోటరీ హ్యామరే. చెక్కకో ఇనుముకో రంధ్రం వేయడానికే ఆ చక్ పనికొస్తుంది. సుత్తి గుర్తు మీద పెట్టి తిప్పితే చక్ పాడవుతుంది.