ఏసీ కాయిల్ దగ్గర మాయమయ్యే 224 వాట్లు

మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లో ఒకసారి తలెత్తి చూడండి. గోడ నిండా ఏసీల అవుట్‌డోర్ యూనిట్లే. పంజాగుట్ట ఆఫీసుల వెనక్కి వెళ్లినా అదే సీను. అవి తాగే కరెంటులో కొంత, కేవలం ఒక ఉష్ణోగ్రత తేడా వల్ల వృథా అవుతుంది. ఎంతో లెక్క కడదాం.

బయట 40 డిగ్రీలు, గదిలో 24 అనుకోండి. కెల్విన్‌లో 313, 297. ఒక టన్ను ఏసీ గదిలోంచి సెకనుకు సుమారు 3500 జౌళ్ల వేడిని తోడుతుంది. ఏ లోపమూ లేని ఆదర్శ యంత్రానికైతే ఈ పనికి 3500 × (313 − 297) ÷ 297, అంటే 189 వాట్లు చాలు.

కానీ కాయిల్ కూడా 24 డిగ్రీలే ఉంటే వేడి అటువైపు కదలదు కదా! అందుకే కాయిల్‌ని 7 డిగ్రీల దగ్గర, అంటే 280 కెల్విన్‌లో ఉంచాం అనుకుందాం. ఇప్పుడు ఎంట్రోపీ చూడండి. వేడితో పాటు గదిలోంచి పోయేది 3500 ÷ 297, అంటే 11.785. అదే వేడి కాయిల్‌కి చేరేసరికి 3500 ÷ 280, అంటే 12.5. ఒక్క జౌల్ కూడా పెరగలేదు, తగ్గలేదు. అయినా సెకనుకు 0.715 ఎంట్రోపీ కొత్తగా పుట్టింది. ఆ 17 డిగ్రీల తేడాలోనే పుట్టిందన్నమాట.

పుట్టిన ఎంట్రోపీని చంపలేం. బయటికి గెంటాల్సిందే. 313 కెల్విన్ దగ్గర ఒక్కో యూనిట్ ఎంట్రోపీ వదలాలంటే 313 జౌళ్ల వేడి పారబోయాలి. ఆ అదనపు వేడి కంప్రెసర్ పెట్టే పని నుంచే రావాలి. అందుకే గుణించేది గదిదో కాయిల్‌దో కాదు, బయటి ఉష్ణోగ్రతని: 313 × 0.715 = 224 వాట్లు. దీన్నే గూయ్-స్టొడోలా సూత్రం అంటారు.

నమ్మకం లేకపోతే ఇంకో దారిలో చూడండి. 280 కెల్విన్ నుంచి నేరుగా వేడి తోడటానికి కనీసం 3500 × 33 ÷ 280, అంటే సుమారు 413 వాట్లు కావాలి. 189కి 224 కలిపితే సరిగ్గా అంతే! నిజమైన ఏసీ ఇంకా ఎక్కువే లాగుతుంది. బయటి కాయిల్ దగ్గర ఇలాంటి తేడానే ఇంకోటి ఉంది, కంప్రెసర్ రాపిడి వేరే.

మరి తేడాని సున్నా చేయొచ్చా? అంతులేనంత పెద్ద కాయిల్ కావాలి. పైగా గాలిలో తేమ నీళ్లై కారాలంటే కాయిల్ చల్లగా ఉండక తప్పదు. కానీ ఫిల్టర్‌లో దుమ్ము పేరుకుంటే గాలి తగ్గి కాయిల్ ఇంకా చల్లబడుతుంది. 2 డిగ్రీలకి దిగితే, అంతే వేడి తోడటానికి వృథా 295 వాట్లకి చేరుతుంది. గాలి బలహీనంగా రావడం, కాయిల్ మీద మంచు కట్టడం దీని గుర్తులు. ఫిల్టర్ కడగడానికి మాత్రం పది నిమిషాలు చాలు.