కన్సల్టెన్సీకి ఫ్రెషర్ రాసే తొలి మెయిల్

చదువు పూర్తయ్యే నాటికి క్యాంపస్‌లో ఎంపిక కాని ఇంజినీరింగ్ పట్టభద్రులు సాధారణంగా రెండు దారుల్లో ఉద్యోగం వెతుకుతారు. ఒకటి కంపెనీల వెబ్‌సైట్లలో నేరుగా దరఖాస్తు చేయడం. రెండోది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లోని కన్సల్టెన్సీలకు, అంటే కంపెనీల తరఫున ఉద్యోగులను వెతికిపెట్టే ఏజెన్సీలకు, రెజ్యూమె పంపడం. కాలేజీకి వచ్చే కంపెనీ క్యాంపస్ బృందం ప్లేస్‌మెంట్ ఆఫీసర్ పంపిన జాబితా ప్రకారమే నడుస్తుంది కాబట్టి, వారికి విద్యార్థి విడిగా రాసే మెయిల్‌కు ఆఫ్-క్యాంపస్ లింకు మించి జవాబు రావడం అరుదు. ఏజెన్సీ రిక్రూటర్ సంగతి వేరు. అక్కడ తొలి మెయిల్ ఎలా రాశారన్నదాన్ని బట్టే రెజ్యూమె తెరుస్తారా లేదా అన్నది తేలుతుంది.

ఏజెన్సీ రిక్రూటర్ చేతిలో సొంతంగా ఉద్యోగాలేమీ ఉండవు. క్లయింట్ కంపెనీ తనకు కావలసిన మనిషి గురించి వివరాలు పంపుతుంది. దీన్నే ఈ రంగంలో 'రిక్వైర్‌మెంట్' అంటారు. ఏ నైపుణ్యం, ఏ సంవత్సరం బ్యాచ్, కనీసం ఎంత శాతం, బ్యాక్‌లాగ్‌లు ఉండవచ్చా, ఏ ఊరు, ఎప్పటికి చేరాలి అన్నవి అందులో ఉంటాయి. వాటికి సరిపోయే వాళ్లను వెతికి, ఒక్కొక్కరి వివరాలను ఒక్కో వరుసగా ఎక్సెల్ షీటులో నింపి క్లయింట్‌కు పంపడం రిక్రూటర్ రోజువారీ పని. ఆ షీటును ట్రాకర్ అంటారు. పంపిన వాళ్లలో ఎవరైనా ఉద్యోగంలో చేరితే క్లయింట్ ఏజెన్సీకి ఫీజు చెల్లిస్తుంది. మన దేశంలో బాగా వాడుకలో ఉన్న లెక్క వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. చేరిన మనిషి రెండు మూడు నెలల్లోపే మానేస్తే వేరొకరిని ఉచితంగా చూపాలనే షరతు కూడా చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

ఈ ఏర్పాటు తెలిస్తే మెయిల్‌లో ఏం ఉండాలో తెలిసినట్టే. రిక్రూటర్ చూసేది రెండే విషయాలు: ఈ అభ్యర్థి ఇప్పుడు చేతిలో ఉన్న ఏదైనా రిక్వైర్‌మెంట్‌కు సరిపోతాడా, ఎంపికైతే నిజంగా వచ్చి చేరతాడా. 'కష్టపడి పనిచేస్తాను, ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదు, దయచేసి అవకాశం ఇవ్వండి' అన్న మాటల్లో ఈ రెండింటికీ జవాబు లేదు. అలాంటి మెయిల్ ఎంత వినయంగా ఉన్నా ట్రాకర్‌లో ఒక్క గడి కూడా నిండదు. పైగా ఏ ఉద్యోగమైనా ఫర్వాలేదనే వాళ్లను ఏ రిక్వైర్‌మెంట్ కింద చూపాలో రిక్రూటర్‌కు తోచదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కరీంనగర్ జిల్లాకు చెందిన ఒక యువతి జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో 2025లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేసింది. సీజీపీఏ 6.4. ఒక సబ్జెక్టు మూడో సంవత్సరంలో తప్పి, తర్వాత పాసయింది. జావా, ఎస్‌క్యూఎల్ వచ్చు. హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీ జావా ట్రైనీలు కావాలంటూ ఉద్యోగాల పోర్టల్‌లో ప్రకటన ఇచ్చింది. ఆ ఉద్యోగం ఇంకా ఉందా, అలాంటివి మరేమైనా ఉన్నాయా అని అడగాలని ఆమె అనుకుంటోంది.

రిక్రూటర్ మొదట చూసేది సబ్జెక్ట్ లైను. 'జాబ్ కావాలి' అనో 'రెజ్యూమె' అనో పెడితే అలాంటి వందల మెయిళ్లలో అదీ కలిసిపోతుంది. రిక్రూటర్లు తమ పాత మెయిళ్లను నైపుణ్యం పేరుతోనో బ్యాచ్ సంవత్సరంతోనో వెతుకుతారు కనుక ఆ మాటలు సబ్జెక్ట్‌లోనే ఉండాలి. ఆమె పెట్టదగిన సబ్జెక్ట్ ఇది:

```
Java Trainee - Fresher, B.Tech CSE 2025 - Hyderabad - Immediate
```

ఈ రోజు ఆ ఉద్యోగం భర్తీ అయిపోయినా, నెల తర్వాత మరో జావా రిక్వైర్‌మెంట్ వచ్చి రిక్రూటర్ వెతికినప్పుడు ఈ మెయిల్ దొరుకుతుంది. తొలి మెయిల్‌కు అసలు ఫలితం చాలాసార్లు ఇలా ఆలస్యంగానే వస్తుంది.

ఇక మెయిల్ లోపలి విషయం. ప్రకటనలో రిక్రూటర్ పేరు ఉంటే ఆ పేరుతోనే సంబోధించాలి. మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది, దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది: 'పోర్టల్‌లో మీరు ఇచ్చిన జావా ట్రైనీ ప్రకటన చూసి రాస్తున్నాను. ఆ ఉద్యోగానికి ఇంకా అభ్యర్థులను తీసుకుంటున్నారా? నేను 2025లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాను. సీజీపీఏ 6.4, యూనివర్సిటీ సూత్రం ప్రకారం 59 శాతం. ఇంటర్ 88 శాతం. ప్రస్తుతం బ్యాక్‌లాగ్‌లు లేవు. కోర్ జావా, ఎస్‌క్యూఎల్ వచ్చు. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా హాస్టల్ ఫీజుల నమోదు అప్లికేషన్ చేశాను, అందులో డేటాబేస్ భాగం నాది. హైదరాబాద్‌లో ఉంటున్నాను, వెంటనే చేరగలను. నైట్ షిఫ్ట్ అయినా సమ్మతమే. 60 శాతం నిబంధన లేని ఇతర జావా, టెస్టింగ్ ఉద్యోగాలున్నా తెలియజేయగలరు.' కింద పేరు, ఫోన్ నంబరు. అంతే. ఫోన్ తెరమీద ఒక్క చూపులో చదివేయవచ్చు, ట్రాకర్‌లో నింపవలసిన గడులన్నీ నిండుతాయి.

ఇందులో ప్రాజెక్టు గురించిన వాక్యం చిన్నదే, అయినా అది అవసరం. 'జావాలో మంచి పరిజ్ఞానం ఉంది' అని ఎవరైనా రాస్తారు. ఏం చేశారో, అందులో తమ వంతు ఏమిటో చెబితే రిక్రూటర్‌కు ఫోన్‌లో అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది. ఆ ప్రశ్నకు తడబడకుండా జవాబు వస్తే క్లయింట్‌కు పంపవచ్చన్న నమ్మకం కలుగుతుంది. కాబట్టి ప్రాజెక్టులో నిజంగా చేసిన భాగాన్నే రాయాలి.

శాతం దగ్గర చాలామంది పొరబడతారు. సీజీపీఏను పదితో గుణించేవారు కొందరు, సీబీఎస్ఈ పదో తరగతికి వాడిన 9.5తో గుణించేవారు మరికొందరు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో ఉన్న సూత్రం వేరు:

```
% = (CGPA - 0.5) x 10
```

ఈ లెక్కన 6.4కు వచ్చేది 59. అదే 9.5తో గుణిస్తే 60.8, పదితో గుణిస్తే 64. చాలా కంపెనీలు ఫ్రెషర్లకు 60 శాతం కనీస అర్హతగా పెడతాయి. తప్పు సూత్రంతో ఆమె అర్హురాలిగా కనిపిస్తుంది, ఇంటర్వ్యూలు కూడా దాటవచ్చు, చివరికి సర్టిఫికెట్ల పరిశీలనలో ఆఫర్ పోతుంది. ఏజెన్సీకి క్లయింట్ దగ్గర మాట పోతుంది, ఆ రిక్రూటర్ మళ్లీ ఆమెను ఎక్కడా చూపరు. 59 అని ముందే రాస్తే కొన్ని తలుపులు మూసుకుంటాయన్నది నిజమే. కానీ శాతం పట్టింపు లేని చిన్న కంపెనీల రిక్వైర్‌మెంట్‌లు కన్సల్టెన్సీల దగ్గర ఉంటాయి, అక్కడ ఆమె పేరు ధైర్యంగా పంపుతారు. సూత్రం యూనివర్సిటీని బట్టి, ఒక్కోసారి రెగ్యులేషన్‌ను బట్టి మారుతుంది కాబట్టి తమ కాలేజీ పరీక్షల విభాగంలో అడిగి నిర్ధారించుకోవాలి.

రెజ్యూమె ఒకటి రెండు పేజీలకు మించకూడదు, మెయిల్‌కే జతచేయాలి. డ్రైవ్ లింకు పెడితే అనుమతి లేక తెరుచుకోకపోవడం తరచూ జరిగేదే. చాలా ఏజెన్సీలు రెజ్యూమెను తమ నమూనాలోకి మార్చి, అభ్యర్థి ఫోన్, మెయిల్ తీసేసి క్లయింట్‌కు పంపుతాయి. అందుకే వర్డ్ ఫైలు అడుగుతారు. పీడీఎఫ్‌తో పాటు అదీ సిద్ధంగా ఉంచుకుంటే మంచిది. ఫైలు పేరు కూడా మనిషిని పట్టిచ్చేలా ఉండాలి. `resume_final2.pdf` అన్నది డౌన్‌లోడ్ కాగానే అలాంటి మరో పాతిక ఫైళ్ల మధ్య తప్పిపోతుంది. పూర్తి పేరు, నైపుణ్యం, బ్యాచ్ సంవత్సరం కలిపి పెడితే సరిపోతుంది.

ఒకే మెయిల్‌ను నలభై ఏజెన్సీల చిరునామాలకు కలిపి పంపడం మరో పొరపాటు. ఎవరికెవరికి వెళ్లిందో అందరికీ కనిపిస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఒకే అభ్యర్థి రెజ్యూమె రెండు ఏజెన్సీల ద్వారా ఒకే కంపెనీకి చేరితే మొదట పంపిన ఏజెన్సీదే హక్కని కంపెనీలు సాధారణంగా లెక్కిస్తాయి. ఫీజు తగువు ఎందుకని ఆ అభ్యర్థినే పక్కన పెట్టేసే కంపెనీలూ ఉన్నాయి. కనుక ఏ రిక్రూటర్ అయినా ఫోన్ చేసినప్పుడు క్లయింట్ కంపెనీ పేరు అడిగి తెలుసుకోవాలి. అక్కడ నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ ఇప్పటికే దరఖాస్తు చేసి ఉంటే వెంటనే చెప్పాలి. ఎవరి ద్వారా ఏ కంపెనీకి, ఏ తేదీన వెళ్లిందో ఒక చోట రాసి పెట్టుకుంటే ఈ గందరగోళం రాదు.

జవాబు వస్తే అది తరచూ ఒక పట్టిక రూపంలో ఉంటుంది. మొత్తం అనుభవం, ప్రస్తుత జీతం, ఆశించే జీతం, నోటీస్ పీరియడ్, ఉండే ఊరు లాంటి గడులుంటాయి. అనుభవం, ప్రస్తుత జీతం ఫ్రెషర్‌కు వర్తించవని రాస్తే చాలు. ఆ పట్టికను అదే మెయిల్‌కు జవాబుగా, అదే రోజు నింపి పంపాలి, ఎందుకంటే క్లయింట్‌కు ట్రాకర్ తరచూ సాయంత్రానికల్లా వెళ్లాలి. జవాబు రాకపోతే వారం ఆగి, పాత మెయిల్ కిందే రెండు వాక్యాల్లో ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ మౌనమే అయితే సరిపోయే రిక్వైర్‌మెంట్ లేదని అర్థం చేసుకోవాలి. ఫ్రెషర్లు క్యాంపస్‌లలో ఫీజు లేకుండానే దొరుకుతారు కాబట్టి కంపెనీలు వారి కోసం ఏజెన్సీలకు ఇచ్చే పని తక్కువే. ఇచ్చేవి ఎక్కువగా చిన్న కంపెనీల ఉద్యోగాలు, కాంట్రాక్టు పోస్టులు, కాల్ సెంటర్, సపోర్టు పనులు.

డబ్బు అడిగే జవాబులు కూడా వస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, శిక్షణ రుసుము, 'బ్యాక్‌డోర్' ఉద్యోగానికి లక్షల బేరం అని రకరకాల పేర్లతో అడుగుతారు. క్లయింట్ నుంచి ఫీజు పొందే ఏజెన్సీకి అభ్యర్థి దగ్గర వసూలు చేయవలసిన పని లేదు. అందువల్ల డబ్బు మాట రాగానే సంభాషణ ఆపేయడమే సరైనది. లేని రెండేళ్ల అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చుకోమనే సలహాకూ ఇదే వర్తిస్తుంది. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో ఉద్యోగి ఎప్పుడు, ఎక్కడ పనిచేశారో నమోదై ఉంటుంది. కంపెనీలు దాన్ని చూసి లేని అనుభవాన్ని పట్టుకుంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమని అడిగినా ఒప్పుకోకూడదు. ఉద్యోగం చూపే దశలో ఏజెన్సీకి కావలసింది రెజ్యూమె, ట్రాకర్ వివరాలు, వాటిలో ఉన్నదంతా నిజమన్న భరోసా మాత్రమే.