ప్లంబరుకు ఐదు స్టార్లు ఎందుకిచ్చారో రాయండి

‘సూపర్ సర్వీస్’ అని రాసి ఐదు స్టార్లు కొడితే చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఆయన ఏం చేశాడో రాయాలి. మా బాత్‌రూమ్ గోడకు అవతలి వైపు చెమ్మ దిగింది. లోపలి పైపు పగిలింది, టైల్స్ కొట్టాల్సిందేనని ముందొచ్చినాయన తేల్చేశాడు. రెండో ప్లంబరు సుత్తి ముట్టుకోలేదు. గీజరు కింది యాంగిల్ కాక్‌ను పొడిగుడ్డతో తుడిచి, మొదట్లో టిష్యూ కాగితం చుట్టాడు. కాసేపటికి అది తడిసింది. కాక్ విప్పితే మరల మీద టెఫ్లాన్ టేపు చిరిగి ఉంది; నీళ్లు ఆ సందులోంచే గోడలోకి ఇంకుతున్నాయి. పాత టేపు గీకేసి, కాక్ బిగించే వైపుకే కొత్తది చుట్టి, మళ్లీ కాగితంతో చూపించాడు. పొడిగానే ఉంది.

“గోడ ఆరడానికి వారాలు పడుతుంది సార్. అప్పుడే పెయింట్ వేయించకండి. చెమ్మ ఇంకా పెరిగితే ఫోన్ చేయండి, లోపలి పైపు చూద్దాం” అన్నాడు. ఆ మాటకే నా దృష్టిలో ఒక స్టారు ఎక్కువ.

మేం రాసింది ఇంతే: ‘టైల్స్ పగలగొట్టకుండా యాంగిల్ కాక్ దగ్గర లీకు పట్టుకున్నారు. పని మొదలెట్టకముందే కూలి చెప్పారు, అంతే తీసుకున్నారు. థాంక్స్ అన్నా.’

థాంక్స్ ఆ రోజే చెప్పండి. రేటింగ్ మాత్రం గోడ ఆరాక ఇవ్వండి.