ఆషాఢంలోనే సంక్రాంతి చీర

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే గోదావరి జిల్లాల ఇళ్లల్లో ఒకటే లెక్క. పిల్లలకు బట్టలు, ఆడపడుచుకు చీర, పెద్దావిడకు చీర, ఇంట్లో పనిచేసే అమ్మాయికి మరో చీర. చేతిలో లేకపోతే అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీకి పన్నెండు వేలు తెచ్చి ఆరు నెలలకు తీరిస్తే, వడ్డీకే 1,440 రూపాయలు పోతాయి. ఆ డబ్బుతో ఇంకో మంచి చీర వచ్చేది.

ఈ భారం తప్పాలంటే ముందు పోయిన సంక్రాంతి ఖర్చును కాగితం మీద పెట్టాలి. ఉదాహరణకు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ ఉన్న ఇల్లు తీసుకుందాం. పిల్లలిద్దరికీ 3,000, ఇల్లాలి చీర 2,500, ఆయన చొక్కా ప్యాంటు 2,000, ఆడపడుచు చీర 1,800, పెద్దావిడ చీర 1,200, పనమ్మాయి చీర 600, జాకెట్ల కుట్టుకూలి 900. మొత్తం 12,000.

దీన్ని పన్నెండుతో భాగించడమే చాలామంది చేసే పొరపాటు. పండగ జనవరిలో వచ్చినా, డబ్బు కావాల్సింది డిసెంబరు మొదట్లోనే. ఆ తర్వాత దర్జీ కొత్త గుడ్డ పట్టుకోడు. కాబట్టి ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా పది నెలలు, నెలకు 1,200 వేయాలి.

జులై కల్లా ఆరు వాయిదాలు, అంటే 7,200 పోగవుతాయి. సరిగ్గా అప్పుడే బట్టల కొట్లలో ఆషాఢం తగ్గింపులు. చీరలు నాలుగూ మామూలు ధరకే కొన్నా 6,100 అవుతాయి. తగ్గింపు దొరికితే ఆ మిగులు కూడా డబ్బాలోకే. చేతిలో ఉన్న 1,100కు ఆగస్టు నుంచి నవంబరు దాకా వేసే 4,800 కలిస్తే 5,900. పిల్లల బట్టలు, ఆయన బట్టలు, కుట్టుకూలి అన్నీ అందులో సరిపోతాయి. పిల్లల బట్టలు మాత్రం ఆషాఢంలో కొనకూడదు. ఆరు నెలల్లో పొడవు పెరిగి, పండగనాటికి చీలమండలు బయటపడతాయి.

డబ్బు ఎక్కడ దాచాలి?

పోపులడబ్బా చేతికి అందుతుంది, అదే దాని ఇబ్బంది. ఫోన్‌తో రోజువారీ చెల్లింపులు చేసే ఖాతాలో ఉంచితే కూరగాయల్లో, రీఛార్జుల్లో కలిసిపోతుంది. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ అయిదేళ్లది, ఏటా వచ్చే పండగకు కుదరదు. ఫోన్‌కు కలపని వేరే పొదుపు ఖాతా అయితే ఆషాఢంలో కొంత తీసుకోవడానికి వీలుంటుంది.

ఆగస్టులో పిల్లాడికి జ్వరమొచ్చి వాయిదా తప్పిందనుకుందాం. మిగిలిన మూడు నెలలూ 1,600 చొప్పున వేస్తే లెక్క మళ్లీ దారిలో పడుతుంది. అక్టోబరు కూడా తప్పితే నవంబరు ఒక్క నెలే మిగులుతుంది కనుక, అప్పు చేయకుండా ఆయన చొక్కా ప్యాంటును ఉగాదికి జరపడం మేలు.

కొత్త అల్లుడి మొదటి సంక్రాంతి మాత్రం ఈ డబ్బాలో ఇమడదు. దానికి పెళ్లి లెక్కలోనే వేరుగా తీసి పెట్టుకోవాలి.