నాకు అమ్మెను, నాకు అమ్మిపెట్టెను



నేటి ప్రసంగమున నేను ఒక చిన్న ప్రశ్న తీసికొందును. ‘అప్పన్న నాకు ఎద్దును అమ్మెను’ అని ఒకడు చెప్పెను. ‘అప్పన్న నాకు ఎద్దును అమ్మిపెట్టెను’ అని మఱియొకడు చెప్పెను. రెండింటను మనుష్యులు వారే, ఎద్దు అదే, ‘నాకు’ అనుమాటయు అదే. అయినను మొదటివాడు ధర చెల్లించినవాడు, రెండవవాడు ధర పుచ్చుకొన్నవాడు. రొక్కము వెళ్లిన దారి పూర్తిగా తిరిగిపోయినది. ఈ తేడాను తెచ్చినది ‘పెట్టు’ అను రెండక్షరముల మాట. అది ఎట్లు జరిగినదో చూతము.

ప్రతి క్రియయు తన చుట్టును కొన్ని పీటలు వేసికొని కూర్చుండును. ‘నిద్రించు’ అను క్రియకు ఒకటే పీట, నిద్రించువాడు. ‘కొట్టు’ అనుదానికి రెండు, కొట్టువాడును దెబ్బ తినువాడును. ‘ఇచ్చు’ అనుదానికి మూడు: ఇచ్చువాడు, ఇచ్చెడి వస్తువు, పుచ్చుకొనువాడు. ‘అమ్ము’ అనునదియు ఇట్టిదే. కావున ‘నాకు అమ్మెను’ అనగానే, ఆ ‘కు’ అను విభక్తి నన్ను మూడవ పీటపై, అనగా కొనువాని పీటపై కూర్చుండబెట్టును. దానికి మఱియొక మాట అక్కఱలేదు.

అయితే ఎద్దు నాది, సంతకు తోలుకొనిపోవుటకు నాకు ఓపిక లేదు, నా బదులు అప్పన్న పోయి అమ్మెను. ఇప్పుడు నాకు ఎక్కడ చోటు? అమ్మువాడు అప్పన్న, వస్తువు ఎద్దు, కొనువాడు వేఱొకడు. మూడు పీటలును నిండినవి. నాలుగవవానికి పీట వేయవలెనన్నచో క్రియనే పెంచవలెను. తెలుగు ఆ పనిని ‘పెట్టు’ అను సహాయక్రియచేత చేయును. ‘అమ్మిపెట్టు’ అనగానే ‘ఎవరికి మేలుగా’ అను క్రొత్త పీట పుట్టును. ‘నాకు’ ఆ పీటపైకి పోవును. కొనువానిని చెప్పదలచినచో ‘సూరయ్యకు నా ఎద్దును అప్పన్న నాకు అమ్మిపెట్టెను’ అని రెండు ‘కు’లను ఒక్క వాక్యమున ఉంచవచ్చును, వినువాడు తికమకపడడు. ‘పెట్టు’ తీసివేసి చూడుడు, ఆ రెండు ‘కు’లు ఒకదానినొకటి త్రోసికొనును.

మూడవ విధము ఒకటి కలదు. ‘అప్పన్న నా కొఱకు ఎద్దును అమ్మెను.’ ఇచ్చట ఎద్దు అప్పన్నదే కావచ్చును; నా వైద్యమునకు డబ్బు కావలసి, తన ఎద్దును పరునికి అమ్మినాడు. ‘కొఱకు’ నాకు పీట వేయలేదు. గుమ్మము వెలుపల నిలిపి, పనికి కారణముగా మాత్రము చూపినది. కాబట్టి కొన్నవాడను, అమ్మించుకొన్నవాడను, కారణమైనవాడను అను మూడు స్థానములను మన భాష మూడు తీరులుగా వేఱుచేసి చెప్పుచున్నది.

ఇట్లు క్రియను పెంచి, మేలు పొందువానికి చోటు కల్పించు రూపమును భాషాశాస్త్రజ్ఞులు ‘అప్లికేటివ్’ అందురు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ‘పిక’ అనగా వండుట; ‘పికియ’ అనగా ఒకరికి వండిపెట్టుట. అక్కడ క్రియ మధ్య ఒక చిన్న ప్రత్యయము చేరును, ఇక్కడ మనము ‘పెట్టు’ చేర్తుము. వారిది ఒకే మాట, మనది రెండు క్రియల కూర్పు. పని మాత్రము ఇంచుమించు ఒకటే.

మన కొండలలోనే మఱియొక పద్ధతి కలదు. శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఆ సవర భాషలో ‘నన్ను’, ‘నిన్ను’ అనువానికి గుర్తులు క్రియకే అంటుకొనును. ‘ఇచ్చు’ అను క్రియయందు పుచ్చుకొనువాడే ఆ గుర్తుచేత తెలియును. మనము నామమునకు ‘కు’ తగిలించి చెప్పుదానిని వారు క్రియ ఒడిలోనే ఉంచుదురు.

ఒకే క్రియకు రెండు కర్మములుండుట తెలుగునకు క్రొత్త కాదు. ‘అతడు నన్ను డబ్బు అడిగెను’ అనునప్పుడు ‘నన్ను’ కర్మము, ‘డబ్బు’ కర్మము. సంస్కృత వ్యాకరణము ఇట్టివానిని ద్వికర్మకములనును; ‘పితుకు’ అను ధాతువునకు అచ్చట ఆవును ద్వితీయలో, పాలును ద్వితీయలో ఉండును. మనమో ‘ఆవు పాలు పితికెను’ అందుము. తెలుగున ‘ఇచ్చు’ ద్వికర్మకము కాదని పరీక్షించి తెలిసికొనవచ్చును. ‘నేను డబ్బు అడుగబడితిని’ అన్నచో కృతకముగా నున్నను అర్థమగును. ‘నేను డబ్బు ఇయ్యబడితిని’ అన్నచో వినువాడు నవ్వును. ‘నాకు డబ్బు ఇయ్యబడెను’ అనియే చెప్పవలెను. ఇంగ్లీషువారు మాత్రము ఇచ్చుటలో పుచ్చుకొనువానిని కర్మస్థానమునకే ఎక్కించగలరు.

ఇప్పుడు ‘పెట్టు’కు ప్రతిగా ‘ఇంచు’ను చూతము. ‘నేను అప్పన్నచేత ఎద్దును అమ్మించితిని.’ ఇదియు ఒక మనిషిని వాక్యములోనికి తెచ్చినది. కాని క్రిందికి కాదు, పైకి. చేయించువాడు కర్తయై పైపీట నెక్కెను, అప్పన్న ‘చేత’తో క్రిందికి దిగెను. ‘పెట్టు’లో కర్త అప్పన్నయే, మేలు పొందువాడు మాత్రము చేరును. తిను, త్రాగు వంటి క్రియలకు ‘చేత’కు బదులు ‘కు’ వచ్చును: ‘తల్లి బిడ్డకు అన్నము తినిపించెను.’ తిన్నది బిడ్డ నోటిలోనికే పోవును గనుక, బిడ్డ చేయువాడును పొందువాడును అగుచున్నాడు.

మన దస్తావేజులలో వాడుకలో నున్న మాటలను ఈ దృష్టితో చదువుడు: ‘సూరయ్యగారికి అప్పన్న వ్రాయించి యిచ్చిన క్రయ దస్తావేజు.’ ‘వ్రాయించి’ అనుటచేత కలము పట్టినవాడు అప్పన్న కాడని, లేఖరియని తెలియును. లేఖరి పేరు ఇక్కడ చెప్పనక్కఱలేదు, కడపట అతడు చేవ్రాలు చేయును. ‘యిచ్చిన’ అనుట సూరయ్యకు పుచ్చుకొనువాని పీట వేసినది. ఒక్కొక్క క్రియ ఒక్కొక్క మనిషిని తెచ్చినది. దీనిని మార్చి ‘సూరయ్యకు వ్రాసిపెట్టిన దస్తావేజు’ అన్నచో ఏమగును? సూరయ్య ఎవనిచేతనో వ్రాత పని చేయించుకొన్నవాడగును. భూమి అమ్మినవాడు అతడేనని కూడ చదువవచ్చును. కావున చదివి వినిపించువారు ‘ఎవరు వ్రాసిరి, ఎవరు వ్రాయించిరి, ఎవరికి యిచ్చిరి’ అను మూడు ప్రశ్నలు వేఱువేఱుగా అడుగుట మేలు.

తుదకు ఒక హెచ్చరిక. ‘పెట్టు’ వచ్చిన ప్రతిచోట ఈ అర్థము రాదు. ‘బల్లమీద దీపము పెట్టెను’ అనునది ఉంచుట. ‘డబ్బు దాచిపెట్టెను’ అనునది ఎవరికొఱకో కాక, తనకై భద్రము చేయుట కావచ్చును. ఆనవాలు ఒకటి కలదు: ‘ఎవరికి’ అని అడిగి చూడుడు. ‘ఎవరికి అమ్మిపెట్టెను?’ అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా వచ్చి, ఆ మనిషి కొన్నవాడు కానిచో, అది మేలుచేయు ‘పెట్టు’. చేయువాడు తెలిసి చేయు పనికే అది అంటును. ‘వాన నాకు కురిసిపెట్టెను’ అని ఏ రైతును అనడు. వానకు ఎవరి మేలు చేయవలెనన్న తలపు లేదు.